గాలికి తొడుగు, రోడ్డుకు వీపు

విశాఖపట్నం బీచ్ రోడ్డులో మధ్యాహ్నం మూడు గంటలకు ఒక మనిషి మాటను శుభ్రంగా రికార్డు చేయడం అనుకున్నంత తేలిక కాదు. తూర్పున సముద్రం, పడమర రోడ్డు. సముద్రం మీంచి గాలి విసురుగా ఒడ్డుకు కొడుతుంది. రోడ్డు మీద బస్సులు, ఆటోలు, బైకుల రొద ఆగదు. పెద జాలరిపేట దగ్గర ఇసుకలో ఓ జాలరిని కూర్చోబెట్టి, వేట గురించి అరగంట మాట్లాడించాలని ఓ కుర్రాడు కెమెరాతో వచ్చాడనుకుందాం. చొక్కాకు తగిలించే చిన్న కాలర్ మైకు కూడా తెచ్చుకున్నాడు. రికార్డింగ్‌ను ఇంటికెళ్లి వింటే మాట అడుగున పడిపోయి, పైన గుడగుడ, వెనక రొద వినిపిస్తాయి.

ఈ రెండింటినీ మనం చప్పుడు అనే ఒకే పేరుతో పిలుస్తాం. నిజానికి వీటి పుట్టుక వేరు, మందు వేరు. రోడ్డు రొద నిజంగానే ధ్వని. అక్కడ పుట్టి, గాలిలో అలగా ప్రయాణించి, మైకును చేరింది. గాలి గుడగుడ మాత్రం చాలావరకు మైకు దగ్గరే పుడుతుంది. ఆ చోట మైకు లేకపోతే ఆ గుడగుడా లేదు. ఈ తేడా పట్టుబడితే ఏ పరికరం దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో దానంతటదే తేలిపోతుంది.

మూడు పాస్కళ్ల గాలి, పదో వంతు పాస్కల్ మాట

మైకులో ఒక పలచని పొర ఉంటుంది. దాని మీద గాలి ఒత్తిడి మారినప్పుడల్లా అది కదులుతుంది, ఆ కదలికే విద్యుత్ సంకేతమవుతుంది. ఒత్తిడి ఎందుకు మారిందో పొరకు తెలియదు. మాట వల్ల మారినా, గాలి విసురు వల్ల మారినా దానికి ఒకటే.

ఆ మార్పులు ఎంతెంతో చూద్దాం. ఒత్తిడిని పాస్కళ్లలో కొలుస్తారు. మన చుట్టూ ఎప్పుడూ ఉండే వాతావరణ పీడనం సుమారు 1 లక్ష పాస్కళ్లు. మామూలు గొంతుతో మాట్లాడే మనిషికి ఒక మీటరు దూరంలో ఆ మాట కలిగించే మార్పు దాదాపు 0.02 పాస్కల్. దూరం సగమైతే అది రెట్టింపవుతుంది. కాబట్టి నోటికి 20 సెంటీమీటర్ల దిగువన, ఛాతీ మీద ఉన్న కాలర్ మైకుకు దాదాపు 0.1 పాస్కల్ అందుతుంది.

ఇప్పుడు గాలి సంగతి. సెకనుకు 5 మీటర్లు, అంటే గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి ఎదురుగా ఉన్న వస్తువును నెట్టే ఒత్తిడి సుమారు 15 పాస్కళ్లు. గాలి ఒకే వేగంతో నిలకడగా వీస్తే ఈ నెట్టుడు వల్ల చప్పుడు రాదు. కానీ ఒడ్డున గాలి ఏనాడూ నిలకడగా ఉండదు. దాని వేగం పదో వంతు అటూ ఇటూ అయినా ఒత్తిడి అయిదో వంతు మారుతుంది. ఎందుకంటే ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. 15లో అయిదో వంతు 3 పాస్కళ్లు. మాట 0.1, గాలి 3. మాట కన్నా గాలి ముప్పై రెట్లు పెద్దదన్నమాట. తొడుగు లేని మైకులో మాట ఎందుకు మునిగిపోతుందో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఇందులో మరో చిక్కు ఉంది. మాట సరిగా వినిపించాలని రికార్డర్‌లో స్థాయిని పెంచి పెట్టుకుంటాం. ముప్పై రెట్ల పెద్ద విసురు వచ్చేసరికి ఆ స్థాయిలో దానికి చోటు చాలదు. సంకేతం పైకప్పును కొట్టుకుని చదునైపోతుంది. అలా చదునైన చోట మాట ఆకారమే పోతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తో తోమినా లేనిది తిరిగి రాదు. అందుకే గాలిని మైకు ముందే ఆపాలి.

బొచ్చు చేసే పని

వార్తా చానళ్ల వాళ్ల మైకులకు బూడిదరంగు బొచ్చు తొడుగు ఉండడం చూసే ఉంటారు. దాన్ని కెమెరా వాళ్లు డెడ్‌క్యాట్ అంటారు. కాలర్ మైకుకు కూడా ఉసిరికాయంత బొచ్చు తొడుగులు దొరుకుతాయి. గాలిని ఆపి ధ్వనిని రానిచ్చే గుణం ఆ బొచ్చుకు ఎలా వచ్చింది? రెండూ గాలిలో వచ్చే ఒత్తిడి మార్పులేగా?

జవాబు వేగంలో ఉంది. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. గాలిలోని సుడులు గాలితో పాటే, అంటే మన ఉదాహరణలో సెకనుకు 5 మీటర్లే కదులుతాయి. సెకనుకు 100 సార్లు ఊగే ధ్వనిని, అంటే 100 హెర్ట్జ్ ధ్వనిని తీసుకోండి. దాని అల పొడవు 3.4 మీటర్లు. మైకు పొరను అదే 100 హెర్ట్జ్‌తో ఊపాలంటే గాలి సుడి ఎంత ఉండాలి? 5 మీటర్లను 100తో భాగిస్తే 5 సెంటీమీటర్లు. పొర మీద రెండూ ఒకే స్వరంలా కనిపిస్తాయి గానీ, బయట ఒకటి ఆటో పొడుగంత, మరొకటి నిమ్మకాయంత.

ఇప్పుడు మైకు చుట్టూ కొన్ని సెంటీమీటర్ల బంతిలా తొడుగు వేశామనుకోండి. 3.4 మీటర్ల ధ్వని అల ముందు ఆ బంతి చాలా చిన్నది. బంతి అన్ని వైపులా ఒత్తిడి ఒకేసారి పెరుగుతుంది, ఒకేసారి తగ్గుతుంది. లోపలి మైకుకు ఆ మార్పు దాదాపు అలాగే చేరుతుంది. చిన్న సుడులు అలా కాదు. బంతికి ఒక పక్క నెడుతున్న సమయంలో మరో పక్క లాగుతుంటాయి. తేరు తాడును అందరూ ఒకే వైపు లాగితే తేరు కదులుతుంది, తలా ఒక వైపు లాగితే ఉన్నచోటే ఉంటుంది. సుడుల నెట్టుళ్లు కూడా అలాగే తొడుగు ఉపరితలం మీద ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మధ్యలో ఉన్న మైకు దగ్గరికి వచ్చేసరికి సన్నగిల్లుతాయి. ఇక బొచ్చు వెంట్రుకలు గాలి వేగాన్ని మెల్లగా పీల్చేస్తాయి. గట్టి అంచు లేదు కాబట్టి గాలి అక్కడ తెగి కొత్త సుడులు పుట్టడమూ తగ్గుతుంది. లోపల దాదాపు నిశ్చలమైన గాలి మిగులుతుంది.

తొడుగు ఎంతవరకు పనిచేస్తుందో కూడా ఈ లెక్కే చెబుతుంది. తన కన్నా చిన్న సుడులనే అది చల్లార్చగలదు. మూడు సెంటీమీటర్ల తొడుగు దాదాపు 170 హెర్ట్జ్‌కు పైనున్న గాలి చప్పుడును బాగా తగ్గిస్తుంది. 25 సెంటీమీటర్ల సుడి 20 హెర్ట్జ్ గుడగుడను పుట్టిస్తుంది. దాని ముందు ఉసిరికాయంత తొడుగు ఏ మూలకు? సినిమా వాళ్లు పొడవాటి మైకును పెద్ద పంజరంలాంటి గొట్టంలో పెట్టి, దాని మీద మళ్లీ బొచ్చు తొడగడం అందుకే. తొడుగు పెద్దదయ్యే కొద్దీ అది ఆపే సుడుల పరిమాణమూ పెరుగుతుంది.

మైకుతో పాటు వచ్చే నల్లటి స్పాంజి తొడుగు సంగతేమిటి? గదిలో ఫ్యాను గాలికీ, 'ప', 'బ' పలికినప్పుడు నోటి నుంచి వచ్చే ఊదుడుకూ అది చాలు. బీచ్‌లో చాలదు. అది చిన్నది, పైగా మైకును అంటిపెట్టుకుని ఉంటుంది. మైకుకూ తొడుగు బయటి అంచుకూ మధ్య కాస్త ఖాళీ ఉంటేనే నిశ్చలమైన గాలికి చోటు. బొచ్చు తొడిగాక దాన్ని చొక్కాకు అదిమి పెడితే ఆ ఖాళీ పోతుంది, సగం ప్రయోజనమూ పోతుంది. తడిసి జడలు కట్టిన బొచ్చు కూడా అంతే. అది గాలిని ఆపదు సరికదా మాటలోని 'స', 'శ'ల పదును తగ్గిస్తుంది. ఆరబెట్టి, దువ్వి వాడాలి.

కాలర్ మైకు విషయంలో ఒక ఊరట ఉంది. ఎక్కువ కాలర్ మైకులు అన్ని దిక్కుల నుంచీ ఒకేలా వింటాయి. ఒక దిక్కునే వినే మైకులు పొరకు రెండు వైపులా ఉన్న ఒత్తిడుల తేడాను కొలుస్తాయి. గాలి సుడులు సరిగ్గా ఆ తేడానే పుట్టిస్తాయి. కాబట్టి రోడ్డు రొద తగ్గుతుందని ఏకదిశ కాలర్ మైకు కొన్నవాళ్లు బీచ్‌లో గాలికి మరింత ఎక్కువగా దొరికిపోతారు.

రోడ్డు రొదకు బొచ్చు అడ్డం కాదు

రోడ్డు చప్పుడు నిజమైన ధ్వని. దాని అలలు పొడవైనవి. మాటను లోపలికి రానిచ్చే తొడుగు దాన్నీ రానిస్తుంది. ఇక్కడ మన చేతిలో ఉన్నవి మూడే: నోటికి మైకు ఎంత దగ్గర, రోడ్డు ఎంత దూరం, మధ్యలో అడ్డం ఏముంది.

వీటిలో మొదటిది అన్నిటికన్నా బలమైనది. రోడ్డుకు 30 మీటర్ల దూరంలో రొద 0.035 పాస్కల్ ఉందనుకుందాం. రద్దీ రోడ్డు పక్కన అది అసాధారణమేమీ కాదు. కెమెరా జాలరికి రెండు మీటర్ల దూరంలో ఉంటే కెమెరా మైకుకు అతని మాట 0.01 పాస్కల్ అందుతుంది. రొద మాటకు మూడున్నర రెట్లు. అదే ఛాతీ మీది కాలర్ మైకుకు మాట 0.1 పాస్కల్, రొద మాత్రం ఆ 0.035 పాస్కలే. మాట దాదాపు మూడు రెట్లు పైకి వచ్చింది. రోడ్డును అంగుళం కూడా కదపకుండా పది రెట్ల లాభం.

రోడ్డుకు దూరం జరిగితే ఇంత లాభం రాదు. ఒక్క వాహనం చప్పుడైతే దూరం రెట్టింపు అయినప్పుడు సగమవుతుంది. కానీ రోడ్డు అంటే వరసగా సాగే వాహనాలు. మనం దూరం జరిగే కొద్దీ రోడ్డులో ఇంకా పొడవైన భాగం వినిపిస్తూ ఉంటుంది. అందువల్ల 30 మీటర్ల నుంచి 60 మీటర్లకు జరిగినా రొద పదింట ఏడు వంతులకే తగ్గుతుంది. ఈలోగా సముద్రపు అలల హోరు దగ్గరవుతుంది. ఒక రొదను వదిలించుకోబోయి ఇంకొకటి కొని తెచ్చుకున్నట్టు.

అలాగని మైకును గడ్డం కింద ఇరికించకూడదు. నోటికి పది సెంటీమీటర్ల దగ్గరకు వస్తే మనిషి తల తిప్పినప్పుడల్లా మాట స్థాయి ఎగుడు దిగుడవుతుంది, గడ్డం నీడ పడి గొంతు మొద్దుబారుతుంది. ఛాతీ ఎముక మీద, నడిమధ్యన, నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల కింద మంచి చోటు. కాలరుకు ఒక పక్కన పెడితే అటు తిరిగినప్పుడు ఒకలా, ఇటు తిరిగినప్పుడు ఒకలా వస్తుంది.

మూడోది అడ్డం. రోడ్డు కనబడని చోట కూర్చుంటే రొద కూడా తగ్గుతుంది. రోడ్డు గట్టు గానీ గోడ గానీ మైకుకూ చక్రాలకూ మధ్య చూపును సరిగ్గా కప్పితే ధ్వని ఒత్తిడి దాదాపు సగానికి వస్తుంది. టైర్లు రోడ్డును ఒరుసుకునే చప్పుడు 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎక్కువ. దాని అల పొడవు 34 సెంటీమీటర్లే కాబట్టి గోడ దాన్ని బాగా ఆపుతుంది. లారీ ఇంజను గుర్రు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని అల మీటర్ల పొడవు, గోడ మీంచి వంగి దిగిపోతుంది. మనిషి ఒళ్లు కూడా అలాంటి అడ్డమే. వీపు రోడ్డువైపు ఉంటే ఛాతీ మీది మైకు శరీరపు నీడలో ఉంటుంది. టైర్ల చప్పుడు, హారన్ల పదును కొంత తగ్గుతాయి. టైర్ల చప్పుడు మాట స్వరాల మధ్యే ఉంటుంది కాబట్టి తర్వాత ఫిల్టరుతో దాన్ని విడదీయలేం. అందుకే ఆ కొంత తగ్గుదల కూడా విలువైనదే.

అసలు తగువు

ఇప్పుడు జాలరిపేట ఇసుకలోకి తిరిగి వద్దాం. జాలరి వీపు రోడ్డువైపు తిప్పితే ఛాతీ సముద్రానికి ఎదురవుతుంది, గాలి నేరుగా మైకును కొడుతుంది. వీపు సముద్రంవైపు తిప్పితే గాలి తగ్గుతుంది, రోడ్డు ఎదురవుతుంది. ఒకదానికి వీపు ఇస్తే రెండోదానికి ఛాతీ ఇవ్వక తప్పదు.

ఇలాంటప్పుడు ఏది మందుకు లొంగుతుందో చూడాలి. గాలికి తొడుగుంది, ఫిల్టరుంది. రోడ్డుకు స్థానం తప్ప మందు లేదు. అందుకే వీపు రోడ్డుకే ఇవ్వాలి. మిగిలిన గాలి కోసం ఒడ్డున ఏమున్నాయో వెతకాలి. అక్కడ ఇసుక మీదికి లాగి పెట్టిన ఫైబర్ పడవలు ఉంటాయి. ఒడ్డుకు సమాంతరంగా ఉన్న ఒక పడవను ఎంచుకుని, సముద్రం పడవకు అవతల ఉండేలా, ఇవతలి పక్కన జాలరిని కూర్చోబెట్టాలి. "బాబాయ్, పడవకేసి తిరిగి కూర్చోండి, రోడ్డు మీ వెనక్కి పోతుంది" అంటే చాలు. ఇప్పుడు ఛాతీకి ఎదురుగా పడవ, వెనక రోడ్డు. గాలి పడవకు తగిలి పైకి లేస్తుంది. రోడ్డు రొద వీపుకు తగులుతుంది.

దీనికి కొన్ని షరతులున్నాయి. ఆయన కూర్చునే ఉండాలి. పడవ అంచు మీటరు ఎత్తుంటే, కింద కూర్చున్న మనిషి ఛాతీ దానికి దిగువనే ఉంటుంది. లేచి నిలబడితే పడవ అంచు మీంచి వచ్చే సుడుల్లోకి మైకు వెళ్లిపోతుంది, అక్కడ గాలి మరింత తెగి ఉంటుంది. పడవ నడిమి భాగానికి ఎదురుగా కూర్చోవాలి, చివర్లలో గాలి చుట్టు తిరిగి వస్తుంది. పడవకు మరీ ఆనుకుని కూర్చున్నా మంచిది కాదు. ఆయన మాటా, వెనక రోడ్డు రొదా గట్టి ఫైబరు మీద పడి తిరిగి మైకులోకి వస్తాయి. ఒకటిన్నర, రెండు మీటర్ల దూరం సరిపోతుంది. కెమెరా పడవ పక్కగా నిలబడుతుంది.

లాభం ఎంతో అంచనా వేద్దాం. పడవ చాటున గాలి వేగం సగమైందనుకుంటే, ఒత్తిడి వర్గం లెక్కన నాలుగో వంతుకు దిగుతుంది. 3 పాస్కళ్లు 0.75 అవుతుంది. మంచి బొచ్చు దాన్ని పదో వంతుకు తెచ్చిందనుకుంటే 0.075. మాట 0.1. ముప్పై రెట్లు పెద్దగా ఉన్న గాలి మాట కన్నా చిన్నదైంది, మిగిలినది కూడా అట్టడుగు స్వరాల్లోనే ఉంది. రోడ్డు సంగతికి వస్తే, గట్టు చాటు వల్ల 0.035 కాస్తా దాదాపు 0.02 అయింది. వీపు నీడలో టైర్ల చప్పుడు ఇంకా కొంత తగ్గింది. మైకును 20 నుంచి 15 సెంటీమీటర్లకు జరిపితే మాట 0.13కు పెరుగుతుంది. రొదకు మాట ఆరేడు రెట్లు పైన నిలుస్తుంది. వినేవాళ్లకు రోడ్డు ఉందని తెలుస్తుంది, కానీ మాట వెతుక్కోనక్కర్లేదు.

మిగిలిన అట్టడుగు గుడగుడను రికార్డర్‌లోని లో-కట్ ఫిల్టరు తీసేస్తుంది. దాన్ని 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోవచ్చు. మగవాళ్ల గొంతు మూలస్వరం కూడా చాలామందిలో 100 హెర్ట్జ్‌కు అటూ ఇటుగానే ఉంటుంది, ఫిల్టరు దాన్ని కాస్త పలచబరుస్తుంది. అయినా మాట పోదు. పాత టెలిఫోన్లు 300 హెర్ట్జ్‌కు దిగువన దాదాపు ఏమీ పంపేవి కావు, అయినా మాట అర్థమయ్యేది, గొంతు గుర్తుపట్టగలిగేవాళ్లం. మాటలోని అర్థం ఎక్కువగా పై స్వరాల్లోనే ఉంటుంది. ఫిల్టరును 200 దాకా లాగితే మాత్రం గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

చెవి మోసపోతుంది, మీటరు పట్టిస్తుంది

రికార్డు మొదలుపెట్టే ముందు జాలరిని అర నిమిషం మౌనంగా కూర్చోమని అడగాలి. ఆ మౌనంలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలి, అదే సమయంలో స్థాయి చూపే మీటరును కూడా చూడాలి. మామూలు ఇయర్‌ఫోన్స్ 30 హెర్ట్జ్ గుడగుడను సరిగా వినిపించవు. అంతా శుభ్రంగా ఉన్నట్టే తోస్తుంది. మీటరు మాత్రం మౌనంలోనూ పైకెగిరి దిగుతూ ఉంటే, చెవికి అందని గాలి మైకును కొడుతోందన్నమాట. ఆ విసురు మాటతో కలిసినప్పుడు సంకేతం పైకప్పును తాకుతుంది.

ఏ చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవడానికి మరో పరీక్ష. తొడుగు తీసి పది సెకన్లు, వేసి పది సెకన్లు వినాలి. తొడుగు వేయగానే తగ్గినది గాలి. రెండుసార్లూ అలాగే ఉన్నది రోడ్డు. ఊపిరి తీసినప్పుడో, చేయి ఎత్తినప్పుడో సరసరమంటే అది మూడో రకం, చొక్కా మైకుకు ఒరుసుకుంటోంది. మైకు కింద తీగను చిన్న చుట్టగా చుట్టి టేపుతో బట్టకు అతికిస్తే తీగ లాగుడు ఆగుతుంది. గాలి కోసమని మైకును బట్ట లోపల దాచితే నూలు చొక్కా నయం. పట్టు, నైలాను ఎక్కువ గరగరలాడతాయి.

ఈ ఉపాయాలన్నిటికీ ఒక హద్దుంది. గాలి సెకనుకు 10 మీటర్లకు చేరితే ఒత్తిడి మళ్లీ నాలుగు రెట్లవుతుంది. ఒక్కో స్వరాన్ని పుట్టించే సుడుల పరిమాణం కూడా రెట్టింపవుతుంది. మొదట 5 సెంటీమీటర్ల సుడి చేసిన పనిని ఇప్పుడు 10 సెంటీమీటర్ల సుడి చేస్తుంది. అంటే చిన్న తొడుగు చేతులెత్తేసే చోటు మాట స్వరాల్లోకి ఇంకా పైకి జరుగుతుంది. అప్పుడు తొడుగులు మార్చడం కన్నా వేళ మార్చడం మేలు. పగలు నేల వేడెక్కడం వల్ల సముద్రం నుంచి గాలి వీస్తుంది. రాత్రి నేల ముందు చల్లబడుతుంది కాబట్టి, చలికాలపు తెల్లవారుజామున తరచు నేల మీంచి సముద్రంవైపు పలచటి గాలి కదులుతుంది. ఆ వేళ గాలీ రోడ్డూ ఒకే వైపున ఉంటాయి. జాలరి రోడ్డుకు వీపు ఇచ్చి సముద్రం చూస్తూ కూర్చుంటే ఒక్క వీపే రెండింటికీ అడ్డమవుతుంది, పడవ కూడా అక్కర్లేదు. వాహనాలూ తక్కువే. అయితే వేటకు వెళ్లేవాళ్లు కూడా ఆ వేళకే పడవలు దింపుతారు. కాబట్టి మాట్లాడే మనిషి ఎప్పుడు దొరుకుతాడో ముందురోజే కనుక్కుని, ఆ వేళ గాలి ఎటు వీస్తుందో చూసుకుని, ఎక్కడ కూర్చోబెట్టాలో నిర్ణయించుకోవాలి.